జవాబు నోటీసు పోస్టు చేసే ముందు

ముదిగుబ్బ మండలంలో శెనక్కాయ పంట పోయిన రెండు మూడేళ్లకు లాయరు నోటీసులు మొదలవుతాయి. అడిగిన వెంటనే ఇస్తానని రాసిన ప్రోనోటు మీద దావా వేయడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. ఆ గడువు దగ్గర పడుతుంటే అప్పిచ్చినాయన నోటు తిరగరాయమంటాడు, లేదంటే వెనుక చెల్లు వేయమంటాడు. రెండూ కుదరకపోతే నోటీసు ఇప్పిస్తాడు. ఇదంతా మన రైతులకు తెలిసిందే. ఆ నోటీసుకు మనం పంపే జవాబు కూడా నోటు తిరగరాసినంత పని చేయగలదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఇలాంటి నోటీసుల్లో మామూలుగా ఉండే సంగతులు కలిపి ఒక లెక్క వేసుకుందాం. నోటు తేదీ 2021 జూన్ 14 అనుకుందాం. రైతు చేతికి వచ్చింది 80 వేలు, నోటులో ఉన్నది లక్షా 50 వేలు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. 2023 జనవరిలో శెనక్కాయలు అమ్మి 30 వేలు కట్టాడు. రసీదు లేదు, నోటు వెనుక చెల్లూ పడలేదు. 2024 మే 20న నోటీసు వచ్చింది. మే 28న జవాబు వెళ్లింది. అందులో ఉన్నది ఇంతే: "మా క్లయింటు అప్పు తీసుకున్న మాట నిజమే. వానలు లేక పంట పోయింది. వచ్చే పంట రాగానే కడతాడు, అంతవరకు గడువు ఇవ్వగలరు."

చదివితే మర్యాదగానే ఉంది. దానివల్ల జరిగింది చూడండి. జూన్ 14తో ముగియాల్సిన గడువు 2027 మే 28 దాకా పెరిగింది. గడువు లోపల బాకీ ఉన్నానని సంతకంతో ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుందని లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. మొత్తం ఎంతో రాయకపోయినా, "కట్టను" అని రాసినా, వేరే మనిషికి రాసినా, బాకీ ఉందని ఒప్పుకుంటే అది ఒప్పుకోలే. రైతు స్వయంగా సంతకం చేయనక్కర్లేదు, ఆయన తరఫున అధికారం ఉన్న లాయరు సంతకం చేసినా చాలు. ఇంకో నష్టం కూడా ఉంది. లక్షా 50 వేలు కాదు 80 వేలేనన్న మాట, 30 వేలు కట్టిన మాట జవాబులో ఎక్కడా లేవు. రేపు కోర్టులో అవి చెబితే, అప్పుడెందుకు రాయలేదని అవతలి లాయరు అడుగుతాడు.

అదే జవాబు జూన్ 14 దాటాక వెళ్లి ఉంటే లెక్క వేరు. గడువు అయిపోయాక బాకీ ఉందని ఒప్పుకున్నంత మాత్రాన 18వ సెక్షన్ పనిచేయదు. కానీ "కడతాడు" అన్న మాట అప్పుడు కూడా ప్రమాదమే. కాలదోషం పట్టిన బాకీని కడతానని సంతకంతో రాసి ఇస్తే అదే కొత్త ఒప్పందం అవుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. అందుకే జవాబు ముసాయిదా చేతికి రాగానే మొదట చూడాల్సింది నోటు తేదీ, జవాబు తేదీ. (బ్యాంకుకు భూమి తనఖా పెట్టి ఉంటే తనఖా దావాకు గడువు 12 ఏళ్లు. ఆ నోటీసులను వేరుగా చూసుకోవాలి.)

అయితే అప్పే తీసుకోలేదని రాయించాలా? కూడదు. అది మా సంఘం మాట కాదు. అబద్ధం వల్ల లాభమూ లేదు. సంతకం తనది కాదని రాసి, కోర్టులో తనదేనని తేలితే, 30 వేలు కట్టానన్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. నిజమే రాయాలి, కానీ కొలిచి రాయాలి. "2021 జూన్‌లో 80 వేలు తీసుకున్నాడు" అనేది జరిగిపోయిన సంగతి. "బాకీ ఉన్నాడు" అనేది ఈరోజుకు ఒప్పుకోలు. ఒప్పుకోలు కావాలంటే జవాబు రాసిన నాటికి బాకీ ఉందన్న భావం ఆ మాటల్లో ఉండాలని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. ఆ భావం కోసం కోర్టు జవాబు మొత్తాన్నీ చదువుతుంది కాబట్టి, మొదటి పేరాలో జాగ్రత్తపడి చివర్లో గడువు అడిగితే ఫలితం ఉండదు.

ఖాళీ నోటు సంగతి మరీ చిక్కు. "ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇచ్చాను" అని రాస్తే తప్పించుకున్నట్టేనని మనవాళ్లు అనుకుంటారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, స్టాంపు వేసిన ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇచ్చినవాడు దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే లెక్కలోకి వస్తుంది. పైగా సంతకం ఒప్పుకున్నాక, డబ్బు ముట్టిందని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపే భారం రైతు మీద పడుతుంది. కాబట్టి ఖాళీ నోటు ఇవ్వడం నిజమైతే ఆ ఒక్క ముక్కతో ఆగకూడదు. ఎందుకు ఇచ్చాడు, చేతికి ఎంత వచ్చింది, అప్పుడు పక్కన ఎవరున్నారు, లక్షా 50 వేలని నింపడానికి తాను ఒప్పుకోలేదన్న మాట, ఇవన్నీ అదే పేరాలో ఉండాలి. నోటీసుతో పాటు నోటు జెరాక్సు రాకపోతే ముందు అది పంపమని అడగాలి. కాగితం చూడకుండా సంతకం ఒప్పుకోవడమూ వద్దు, కాదనడమూ వద్దు.

30 వేల చెల్లింపు దగ్గర రెండు వైపులా పదునుంది. గడువు లోపల అసలుకో వడ్డీకో కొంత కట్టి, కట్టినట్టు సంతకంతో రాసి ఉంటే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అది 19వ సెక్షన్. మన లెక్కలో 2023 జనవరి నాటి చెల్లింపును జవాబులో రాస్తే గడువు 2026 జనవరికి పోతుంది. రాయకపోతే రసీదు లేని 30 వేలు గాలికి పోవచ్చు. దావా వేయడానికి అవతలి వారికి ఇంకా నెలల తరబడి గడువుంటే చెల్లింపు రాయడమే మేలని మా అభిప్రాయం. వాళ్లు ఎలాగూ దావా వేస్తారు, కనీసం లెక్క తగ్గుతుంది. గడువు రోజుల్లో ఉన్నా, అప్పటికే దాటిపోయినా లాయరుతో కూర్చుని తేల్చుకోవాలి. ఆ నిర్ణయం రైతు తెలిసి తీసుకోవాలి. టైపు చేసే గుమాస్తా చేతిలో పడకూడదు.

వడ్డీ గురించి మౌనంగా ఉండటం కూడా తప్పే. మన ఆంధ్ర ప్రాంతంలో 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం కింద వడ్డీ తగ్గించమని కోరే వీలుంది. తాను సేద్యం మీద బతికే రైతునని, ఆ చట్టం తనకు వర్తిస్తుందని మొదటి కాగితం నుంచే చెప్పుకోవాలి. పాసుపుస్తకం వివరాలు అక్కడే ఇవ్వాలి.

నిజంగా కట్టే ఉద్దేశం ఉండి రాజీ కోరుకునేవాళ్లు ఆ మాటను జవాబు నోటీసులో కలపవద్దు. "హక్కులకు భంగం లేకుండా, రాజీ కోసం మాత్రమే" అన్న షరతుతో వేరే ఉత్తరం పెట్టాలి. అలాంటి షరతుతో రాజీ బేరంలో ఒప్పుకున్నదాన్ని సివిల్ కేసులో వాడకుండా సాక్ష్య చట్టం కాపాడుతుంది. ఆ షరతును జవాబు నోటీసు నెత్తిన అచ్చు వేసుకున్నంత మాత్రాన లోపలి ప్రతి వాక్యానికీ రక్షణ రాదు.

కదిరిలో రాయించినా, ధర్మవరంలో రాయించినా, అనంతపురంలో రాయించినా జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. రైతు చివరి పేజీ మాత్రమే చూస్తాడు. ఇది మారాలని మేం లాయర్లను గట్టిగా అడుగుతున్నాం. పోస్టు చేసే ముందు జవాబును వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపించాలి. గ్రామ కమిటీ నుంచి ఒకరు పక్కన కూర్చుని, తాను అప్పిచ్చినాయన లాయరునన్నట్టు వినాలి. తనకు పనికొచ్చే వాక్యం వినబడిన చోటల్లా ఆపి, అది నిజమేనా, రాయక తప్పదా అని అడగాలి. తేదీలు, మొత్తాలు, తండ్రి పేరు, సర్వే నంబర్లు అసలు కాగితాలతో సరిచూడాలి. పోస్టు రసీదు, సంతకమైన జవాబు నకలు రైతు ఇంట్లో ఉండాలి. రేపు దావా పడితే కోర్టులో వేసే జవాబును ఈ కాగితం పక్కన పెట్టి పోల్చి చూస్తారు.