డ్రిల్లులో ఎవరూ ఎవరినీ ఎంచుకోరు

సర్కారు బడిలో పనిచేసే ఒక పీఈటీ మిత్రుడు మొన్న నాలుగు పేజీలు పంపాడు. కొత్త వ్యాయామ విద్య పాఠ్యక్రమం గురించి తోటి టీచర్లకు మూడు గంటల శిక్షణ ఇవ్వాలట. "తెలుగు తప్పులుంటే దిద్దన్నా" అన్నాడు. నేను తప్పులు వదిలేసి వాదనకు దిగాను. ఆ వాదనే ఈ వారం రాస్తున్నాను.

2023 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వ్యాయామ విద్యను లెక్కలు, భాషలతో పాటు ఒక పాఠ్యాంశంగా నిలబెట్టింది. పిల్లలందరూ ఆడాలి, ఆటలో నేర్చుకోవాలి అన్నది దాని సారం. బాగుంది. కానీ మిత్రుడి మొదటి వాక్యం "డ్రిల్లు కాలం చెల్లింది" అని ఉంది. కొట్టేయమన్నాను. ఇరవై ఏళ్లు సావధాన్, విశ్రామ్ చెప్పించిన మాస్టారిని మొదటి నిమిషంలోనే అవమానిస్తే, మిగతా మూడు గంటలూ ఆయన చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

పైగా డ్రిల్లులో ఒక న్యాయం ఉంది. ఎత్తును బట్టి వరస. నలభై మందీ ఒకేసారి చేతులెత్తుతారు. నువ్వు ఊరి పిల్లవా, వాడ పిల్లవా అని వరస అడగదు. ఎవరూ ఎవరినీ ఎంచుకోరు.

ఆట అలా కాదు. ఇద్దరు కెప్టెన్లను పెట్టి "మీ వాళ్లను ఎంచుకోండి" అనండి. చివరికి మిగిలేదెవరో చూడండి. మా పిల్లలు, లావుగా ఉన్నవాళ్లు, కాలు సరిగా లేనివాళ్లు. ఆ తర్వాత బంతి తెచ్చే పనీ, ముగ్గు గీతలు పోసే పనీ వాళ్లదే అవుతుంది. డ్రిల్లు తీసేసి ఆట పెట్టండి అని ఊరుకుంటే, వరసలో దొరికిన ఆ కాస్త సమానత్వమూ పోతుంది.

ఆట పెడితే అందరూ కదులుతారన్నదీ భ్రమే. ఖోఖో చూడండి. ఎనిమిది మంది కూర్చుంటారు, ఒకరు తరుముతారు, ముగ్గురు తప్పించుకుంటారు. ఏ క్షణంలో చూసినా పరిగెత్తేది నలుగురు. నలభై మంది తరగతిలో ముప్పై ఆరు మంది ఆగి ఉంటారు.

అందుకే శిక్షణను ఇలా మార్చాం. మొదటి అరగంట టీచర్లు తమకు వచ్చిన డ్రిల్లే చేయించాలి, గౌరవంగా. తర్వాత ముప్పావుగంట లెక్క. టీచర్లే పిల్లలై ఖోఖో ఆడతారు. పక్కనున్న ఒక్కొక్కరూ ఒక్క ఆటగాణ్నే చూస్తూ, నిమిషానికోసారి కదిలాడా ఆగాడా అని గీత పెడతారు. ఉపన్యాసం అక్కర్లేదు, కాగితమే మాట్లాడుతుంది.

ఆ పైన గంటసేపు ఒక నమూనా పీరియడు. నలభై నిమిషాలు, నాలుగు చోట్లు, చోటుకు పది మంది. ఒకచోట గీతల మధ్య నిలబడి దూకడం, ఒకచోట పాత టైరులోకి గుడ్డబంతి వేయడం, ఒకచోట రెండు మూడు తొక్కుడుబిళ్ల గళ్లు, ఒకచోట ఐదుగురేసి రిలే. ఒళ్లు వేడెక్కడానికి ఏడు నిమిషాలు, చోటుకు ఆరు చొప్పున ఇరవై నాలుగు, మారడానికి మూడు, చివర మాట్లాడుకోవడానికి ఆరు. బంతులు కొనే డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మాస్టారు ఒక చోటనే నిలబడితే మిగతా మూడూ సంత అవుతాయి. ఆయన గోడకు వీపు పెట్టి, నాలుగూ కనబడేలా అంచున ఉండాలి. విజిల్ వినగానే ఎక్కడివాళ్లక్కడ ఆగడం ముందే నేర్పాలి. ఇదిగో, పాత డ్రిల్లు మాస్టారి విద్య ఇక్కడ పనికొస్తుంది. ఈ పనిలో ఆయన్ను మించినవాడు లేడు.

చివరి ముప్పావుగంట జట్లు, మార్కులు. జట్లకు కెప్టెన్లు వద్దు. వరసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చెప్పించి, ఒకట్లన్నీ ఒక జట్టు, రెళ్లన్నీ ఇంకో జట్టు చేయాలి. పిల్లలు రెండో వారానికే లెక్క పసిగట్టి స్నేహితుల పక్కకు జరుగుతారు కాబట్టి ఎత్తు వరసలో నిలబెట్టాకే చెప్పించాలి. బంతి తెచ్చే పని జట్టు తర్వాత జట్టుకు తిరగాలి. ఒకే పిల్లవాడు రెండు వారాలు బంతులే ఏరుతున్నాడంటే పాఠం విఫలమైందని గుర్తు.

మార్కులు పక్కవాడితో పోల్చి వేయొద్దు. మొదటి వారం ఎంత దూకాడో సుద్దతో గీసి రాసుకోవాలి, ఆరో వారం మళ్లీ కొలవాలి. తొంభై సెంటీమీటర్లు దూకిన పిల్ల నూటపది దూకితే ఆమె నేర్చుకున్నట్టే, క్లాసులో ఆఖరిదైనా సరే.

నలభై మందికి ఒక్క పీఈటీ, బడికి గ్రౌండే లేకపోవడం, ఆ పీరియడును లెక్కల సారు లాక్కోవడం, వీటిని ఏ శిక్షణా తీర్చలేదు. అది ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన లెక్క. కానీ జట్టు ఎలా వేయాలన్నది మాస్టారి చేతిలో ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. మీ బడిలో ఈ శిక్షణ జరిగితే, జట్లు వేసే పద్ధతికి ఎన్ని నిమిషాలు ఇచ్చారో ముందు అడగండి.