‘వలెను’ భారం: సాంకేతిక నిర్దేశాల అనువాదంలో విధి, సిఫారసు

మదనపల్లె ప్రాంతం మీదుగా పుంగనూరుకు, అక్కడినుండి కుప్పానికి సాగే హంద్రీ-నీవా శాఖా కాలువల వంటి పనులలో, కాంక్రీటు లైనింగు వేసే మేస్త్రీకి నిర్దేశాన్ని తెలుగులో అందించవలసి వస్తే అనువాదకునికి తొలి పరీక్ష పారిభాషిక పదం కాదు, క్రియాంతం. భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000లోని క్యూరింగు నియమం, మిశ్రమ సిమెంటు వాడినపుడు కాంక్రీటును కనీసం 10 రోజులు తడిగా ఉంచడాన్ని ‘షల్’తో విధిస్తుంది. ఆ గడువును 14 రోజులకు పొడిగించడాన్ని సిఫారసు మాత్రమే చేస్తుంది. రెండింటికీ ‘ఉంచవలెను’ అని రాస్తే, పదకొండవ రోజున తడపడం మానిన గుత్తేదారు మూలం ప్రకారం నిర్దోషి, అనువాదం ప్రకారం దోషి. రెండింటినీ ‘ఉంచడం మంచిది’ అని మెత్తబరిస్తే ఆరవ రోజున మానినవాడూ తప్పించుకుంటాడు.

ఇది తెలుగు పేదరికమనే వాదం నిలవదు. ‘షల్’కు ‘వలెను’, ‘షుడ్’కు ‘సిఫారసు చేయడమైనది’, ‘మే’కు ‘వచ్చును’ మనకున్నవే, లేనిది నియమపాలన. వాడుకలో ‘షుడ్’ కూడా ‘ఆలి’గానే వినబడుతుంది గనుక అనువాదకుడు ఆ అలవాటును నిర్దేశంలోకి మోసుకొస్తున్నాడు. కొందరు ‘మస్ట్’కు ‘తప్పనిసరిగా’ చేర్చి మూడవ మెట్టు కల్పిస్తారు. ఐఎస్ఓ రచనా నియమాలు ‘షల్’కు బదులుగా ‘మస్ట్’ను వాడవద్దంటాయి. ఒక వాక్యంలో ‘తప్పనిసరిగా’ చేరిందంటే, అది లేని ‘వలెను’ అంతా ఐచ్ఛికమన్న అనుమానం మేస్త్రీకి సహజంగానే కలుగుతుంది.