పండుగ రాయితీ, ధాన్యం సొమ్ము: దోర్నపాల్‌లో బండి కొనడానికి ఏది సరైన నెల?

ఛత్తీస్‌గఢ్‌లో 2025-26 సీజన్ ధాన్యం కొనుగోళ్లు 2025 నవంబర్ 15న మొదలయ్యాయి. వీటికి 2026 జనవరి 31ని గడువుగా నిర్ణయించారు. అప్పటికి దసరా, దీపావళి అమ్మకాల సందడి ముగిసి కొన్ని వారాలే అయింది. ఏడాది చివరి నిల్వల అమ్మకాలు డిసెంబర్‌లో మొదలవుతాయి. సుక్మా జిల్లాలో 30వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న దోర్నపాల్ వంటి పట్టణంలో ఈ మూడింటి నడుమ ఒక ప్రశ్న నిలిచి ఉంది. పండుగకు బండి కొనకుండా ఆగిన కుటుంబం నష్టపోయిందా, లాభపడిందా?

తెలుగు, గోండి, హల్బీ, హిందీ భాషలు కలగలిసి వినిపించే ఈ ప్రాంతంలో ద్విచక్ర వాహనం విలాస వస్తువు కాదు. జాగర్‌గుండా వైపు వెళ్లే గ్రామాలకు బస్సులు తక్కువ. ఆసుపత్రికైనా, సంతకైనా, ధాన్యం కేంద్రానికైనా మోటారు సైకిలే ఆధారం. అందువల్ల దాని ధరలో నాలుగైదు వేల తేడా కూడా ఇంటి లెక్కను మార్చివేస్తుంది.

పన్ను తగ్గింపు వేరు, పండుగ తగ్గింపు వేరు

2025 పండుగ అమ్మకాలకు ఒక ప్రత్యేకత ఉంది. వస్తు సేవల పన్ను మండలి సెప్టెంబర్ 3న తీసుకున్న నిర్ణయాలు నవరాత్రుల తొలిరోజైన సెప్టెంబర్ 22న అమలులోకి వచ్చాయి. 350 సీసీ వరకు సామర్థ్యం గల ద్విచక్ర వాహనాలపై పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేని ధర 70 వేల రూపాయలు ఉన్న బండిని తీసుకుంటే, పాత పన్నుతో అది 89,600 రూపాయలు అయ్యేది. కొత్త పన్నుతో 82,600 రూపాయలు అవుతుంది. తేడా 7,000 రూపాయలు. పన్ను పది శాతం తగ్గినా కొనుగోలుదారు చెల్లించే ధర తగ్గేది ఎనిమిది శాతం లోపే. తగ్గింపు మూల ధర మీద లెక్కకు వస్తుందే తప్ప మొత్తం ధర మీద కాదు.

అమ్మకాల ప్రకటనలు ఈ పన్ను తగ్గింపును, పండుగ రాయితీని ఒకే పెద్ద అంకెగా కలిపి చూపాయి. నిజానికి ఈ రెండింటి స్వభావం పూర్తిగా భిన్నమైనది. పన్ను తగ్గింపునకు గడువు లేదు. మండలి మళ్లీ మార్చేవరకు డిసెంబర్‌లోనూ, మార్చిలోనూ అదే రేటు వర్తిస్తుంది. కంపెనీ లేదా డీలరు ఇచ్చే పండుగ రాయితీ మాత్రమే దీపావళితో ముగుస్తుంది. కాబట్టి పండుగకు కొనని వ్యక్తి కోల్పోయినది ఆ రెండవ భాగమే. అది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

అన్ని వస్తువులకూ పన్ను తగ్గలేదన్నది కూడా గమనించవలసిన అంశం. మొబైల్ ఫోన్లు, రిఫ్రిజిరేటర్లు, వాషింగ్ మెషిన్లు, 32 అంగుళాల వరకు గల టెలివిజన్లు అంతకుముందు నుంచే 18 శాతం పరిధిలో ఉన్నాయి. వాటిపై ‘పన్ను తగ్గింపు ధర’ అని కనిపిస్తే అది వ్యాపారి ఇచ్చే సాధారణ రాయితీయే. ఎయిర్ కండిషనర్లు, 32 అంగుళాలకు మించిన టెలివిజన్ల విషయంలో మాత్రం తగ్గింపు నిజమైనది.

చేతికి సొమ్ము వచ్చే నెలలు

పండుగ అమ్మకాల క్యాలెండర్ నెల జీతగాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందినది. దోర్నపాల్ పరిసరాల్లోని సాగు కుటుంబాల ఆదాయ క్యాలెండర్ వేరు. వేసవిలో తునికాకు సొమ్ము వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి ప్రామాణిక సంచికి, అంటే యాభై ఆకుల కట్టలు వెయ్యింటికి, 5,500 రూపాయలు చెల్లిస్తోంది. ఆ తర్వాత విత్తనాలు, ఎరువులు, కూలీ, బడి ఖర్చులు వరుసగా వస్తాయి. దసరా నాటికి చేను పచ్చగా ఉంటుంది కాని చేతిలో నగదు ఉండదు.

ధాన్యం సొమ్ము రెండు విడతల్లో అందుతుంది. రాష్ట్రంలో క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున, ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు కొంటున్నారు. ఇందులో 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి 2,369 రూపాయలు. ఇది ధాన్యం అమ్మిన తరువాత ఖాతాలో జమ అవుతుంది. మిగిలిన 731 రూపాయల వ్యత్యాసాన్ని రాష్ట్ర ప్రభుత్వం తర్వాత ఒకేసారి చెల్లిస్తుంది. అంతకుముందు రెండు సీజన్లలో ఈ మొత్తం ఫిబ్రవరి, మార్చి నెలల్లో అందింది. రెండెకరాల్లో 30 క్వింటాళ్లు పండించి అమ్మిన రైతుకు తొలివిడతగా 71,070 రూపాయలు, మలివిడతగా 21,930 రూపాయలు వస్తాయన్నమాట.

ఒకే బండికి మూడు లెక్కలు

ఈ రైతు ఒక మోటారు సైకిల్ కొనదలిచాడనుకుందాం. షోరూం ధర, జీవితకాల రహదారి పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 96 వేల రూపాయలు. ఇంట్లో ఉన్న నగదు 32 వేలు. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే అయినా లెక్క నడిచే తీరు ఏ బండికైనా ఇదే.

అక్టోబర్‌లో నాలుగు వేల పండుగ రాయితీ లభిస్తే ధర 92 వేలు అవుతుంది. చేతిలోని 32 వేలు ముందుగా చెల్లించి 60 వేలు అప్పు తీసుకుంటాడు. పది శాతం ఫ్లాట్ వడ్డీ, పన్నెండు వాయిదాలు. వడ్డీ ఆరు వేలు, దస్తావేజుల రుసుము 1,500 రూపాయలు. మొత్తం ఖర్చు 99,500 రూపాయలు. ఫ్లాట్ వడ్డీ అంటే తీర్చివేసిన అసలుపై కూడా చివరివరకు వడ్డీ కట్టడమే. నెలనెలా తగ్గే బాకీ మీద లెక్క వేస్తే ఈ పది శాతం వాస్తవానికి దాదాపు 18 శాతం అవుతుంది.

డిసెంబర్ చివరలో కొంటే ఏడాది చివరి రాయితీ రెండు వేలే ఉందనుకుందాం. ధర 94 వేలు. ధాన్యం తొలివిడతలో సాగు ఖర్చులు పోను 42 వేలు మిగిలితే, ఇంట్లోని నగదుతో కలిపి 74 వేలు చెల్లించవచ్చు. మిగిలిన 20 వేలకు అదే రేటుతో ఆరు నెలల అప్పు తీసుకుంటే వడ్డీ వెయ్యి, రుసుము 1,500 రూపాయలు. మొత్తం 96,500 రూపాయలు. రాయితీ సగానికి పడిపోయినా ఖర్చు మూడు వేలు తగ్గింది.

మార్చి వరకు ఆగి, రాయితీ ఏమీ లేకుండా, జనవరిలో కంపెనీ ధరను 1,500 రూపాయలు పెంచిన తర్వాత అప్పు లేకుండా కొన్నా 97,500 రూపాయలే అవుతుంది. అదీ పండుగనాటి అప్పు కంటే తక్కువే.

అయితే పండుగనాటి రాయితీ ఎవరికీ పనికిరాదని దీని అర్థం కాదు. అక్టోబర్‌లో పూర్తి నగదుతో కొన్నవారికి ఆ బండి 92 వేలకే వచ్చింది. నాలుగు లెక్కల్లో అదే అతి తక్కువ. ఉపాధ్యాయులు, ప్రభుత్వ ఉద్యోగులు, తునికాకు సొమ్మును నాలుగు నెలలు కదపకుండా ఉంచగలిగిన కుటుంబాలు దానిని పొందగలవు. బండి మీదే జీవనోపాధి సాగించే వ్యక్తికి రెండు నెలల ముందే బండి రావడం వల్ల కలిగే ఆదాయం వడ్డీని మించవచ్చు. ఈ రెండు సందర్భాలు తప్ప, అప్పు చేసి పొందిన రాయితీ చాలావరకు వడ్డీ రూపంలో తిరిగి వెళ్లిపోతుంది.

డిసెంబర్ బండిలో దాగిన ఏడాది

ఏడాది చివర డీలర్లు ధర తగ్గించడానికి స్పష్టమైన కారణం ఉంది. డిసెంబర్ 31 దాటితే గోదాములోని బండి ఒక్కరోజులో ‘గత ఏడాది బండి’ అవుతుంది. రిజిస్ట్రేషన్ జనవరిలో జరిగినా ధ్రువపత్రంపై తయారీ నెల, సంవత్సరం మారవు. పాత బండ్ల మార్కెట్ ఆ సంవత్సరాన్నే చూస్తుంది. ఎనిమిది, పదేళ్లు వాడదలిచిన వారికి ఈ తేడా దాదాపు కనిపించదు. రెండు, మూడేళ్లలో అమ్మదలిచిన వారు మాత్రం ఇప్పుడు మిగుల్చుకున్న రెండు వేలకంటే ఎక్కువే అప్పుడు పోగొట్టుకోవచ్చు.

అందువల్ల డబ్బు చెల్లించక ముందే తయారీ తేదీని తెలుసుకోవడం అవసరం. డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం, అంటే ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కభాగంలోని తేదీ గుర్తులో చివరి నాలుగు అంకెలు కూడా సాయపడతాయి. ‘3225’ అంటే ఆ టైరు 2025లో 32వ వారంలో తయారైనది. నవంబర్ బండి అని చెప్పిన దానికి ఏడాది కిందటి టైర్లు ఉంటే ప్రశ్నించవలసిందే. నెలల తరబడి కదలని బండిలో బ్యాటరీ బలహీనపడి ఉండవచ్చు. దానిని పరీక్షించి చూపమని కోరాలి.

రాయితీని మరో చోట తిరిగి వసూలు చేయడం ఇంకొక ఇబ్బంది. షోరూం ధరలో మూడు వేలు తగ్గించి, బీమాలోనో, అక్కరలేని అలంకరణ సామగ్రిలోనో, నిర్వహణ రుసుము పేరిటనో అంతే మొత్తం కలిపే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. రెండు షోరూంల నుంచి మొత్తం ఆన్‌రోడ్ ధరను పద్దులవారీగా కాగితంపై రాయించుకుని పోల్చితే ఇది వెంటనే బయటపడుతుంది.

సరిహద్దు దాటి భద్రాచలం వైపు వెళ్లి కొనేవారికి కూడా ఇదే పోలిక వర్తిస్తుంది. వస్తు సేవల పన్ను దేశమంతటా ఒక్కటే. బండిని యజమాని నివాసం ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోనే రిజిస్టర్ చేయించి రహదారి పన్ను ఇక్కడే కట్టాలి. తాత్కాలిక రిజిస్ట్రేషన్, రాకపోకల ఖర్చులు తీసివేశాక మిగిలేదే అసలు తగ్గింపు. రాష్ట్ర పన్నులోనూ కొన్నిసార్లు ఊరట లభిస్తుంది. 2025 ఆరంభంలో రాయ్‌పూర్ వాహన ప్రదర్శనలో అమ్మిన బండ్లకు జీవితకాల పన్నులో సగం మినహాయింపు ఇచ్చారు. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం, మళ్లీ ప్రకటిస్తేనే వర్తిస్తుందన్న షరతు దోర్నపాల్ కొనుగోలుదారు లెక్కలో చేరాలి.

ఏడాది చివరి వారాల్లో దోర్నపాల్ పరిసరాల్లో ధాన్యం సొమ్ము, ఏడాది చివరి రాయితీ ఒకేసారి అందుబాటులోకి వస్తాయి. ఏడాదిలో మరే నెలలోనూ ఈ రెండూ ఇలా కలవవు. ధాన్యం అమ్మకానికి టోకెన్ ఏ తేదీకి వచ్చింది, సొమ్ము ఖాతాలో ఎప్పుడు జమ అవుతుంది అన్నది తెలుసుకున్న తర్వాతే షోరూంలో బయానా ఇవ్వడం మేలు. జమ జనవరికి జారితే డిసెంబర్ రాయితీ కోసం అప్పు చేయవలసి వస్తుంది. అప్పుడు లెక్క మళ్లీ అక్టోబర్ లెక్కలాగే మారిపోతుంది.