తొలి పుస్తకం ఒకరిది, మలి పుస్తకం అందరిది

ఒక వీధివారు కలసి చదువరుల సంఘం పెట్టుకుంటే తొలి సమావేశంలో స్వాగతోపన్యాసం తప్పదు. సాధారణంగా ఆ ఉపన్యాసం ఎలా సాగుతుందో అందరికీ తెలిసిందే. పుస్తకం గొప్పతనం మీద పావుగంట, వేదిక మీది పెద్దలకు కృతజ్ఞతలు మరో పావుగంట, చివర లేవబోతూ 'ఈ నెల ఫలానా పుస్తకం చదివి రండి' అని ఒక్క మాట. ఆ పుస్తకమే ఎందుకో చెప్పరు. వచ్చే నెల పుస్తకం ఎవరు ఎంచుతారో అసలే చెప్పరు. సంఘం దెబ్బ తినేది ఇక్కడే. రెండో నెలా మూడో నెలా అదే పెద్దమనిషి పుస్తకం చెప్పేసరికి 'అది వారి సంఘంలే' అన్న మాట అరుగుల మీద పుడుతుంది. ఆ మాట పుట్టాక కుర్చీలు ఖాళీ కావడానికి ఎంతోకాలం పట్టదు.

కాబట్టి స్వాగతం పలికేవారు చెప్పవలసినవి రెండే సంగతులు. ఈ పుస్తకం ఎందుకు, తర్వాతి పుస్తకం ఎలా. తొలి పుస్తకాన్ని ఎవరో ఒకరు ఎంచక తప్పదు, ఎందుకంటే అప్పటికి సంఘమే లేదు. ఆ మాట దాచకుండా ఒప్పుకోవాలి. 'ఇది నేను ఎంచినది, ఇకమీదట ఎంచేది మీరు' అని ఉపన్యాసకుడు మొదటే అనేస్తే సగం అనుమానం తీరిపోతుంది.

తొలి పుస్తకంగా చాలామంది పెద్దలు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' పేరు చెబుతారు. అందులో తప్పు పట్టవలసింది లేదు. ఆయన వెల్లూరు జైలులో ఉండగా రాసిన నవల, మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల. అయితే అది పెద్ద పుస్తకం. పగలంతా పొలంలో ఉండి రాత్రి దీపం పెట్టుకుని కూర్చునే మనిషి దాన్ని నెలలో ముగించలేడు. ముగించలేనివాడు సమావేశానికి రావడానికి సిగ్గుపడతాడు. మొదటి నెలలోనే ఆ సిగ్గు కలిగిస్తే రెండో నెల అతడు కనిపించడు. 'మాలపల్లి'ని వేసవిలో, పనులు తగ్గినప్పుడు, రెండు నెలలకు కలిపి పెట్టుకోవడం మేలు.

తొలి నెలకు తగినది కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం'. ఇది నవల కాదు, పెద్ద కథ. నిదానంగా చదివేవారికి కూడా మూడు నాలుగు రాత్రుల పని. 'యజ్ఞంతో తొమ్మిది' అన్న సంపుటిలో దొరుకుతుంది. ఆ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రామారావు గారు శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసి, 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చడానికి 'కథానిలయం' నెలకొల్పారు. 2021లో కన్నుమూశారు. రచయితను గురించి సభలో ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

దాన్ని ఎంచడానికి అసలు కారణం బహుమతి కాదు. ఆ కథ ఒక తగవు. సుందరపాలెం అనే ఊళ్ళో గోపన్నకు అప్పల్రాముడు బాకీ పడ్డాడు. ఆ బాకీ ఏళ్ళ తరబడి తెగలేదు. ఊరంతా గౌరవించే శ్రీరాములునాయుడు ముందుకు పంచాయితీ వచ్చింది. ఈ నాయుడు దుర్మార్గుడు కాడు, ఊరికి మంచి చేయాలనుకున్నవాడే. ఆ మంచి ఎవరి ఇంటికి చేరింది, ఎవరి ఇంటికి చేరలేదు అన్నది చదువుతున్నకొద్దీ తెలుస్తుంది. అప్పు, పంచాయితీ, పెద్దమనిషి మాట తెలియని ఊరు లేదు గనుక పెద్ద చదువులు చదివినవారూ, కూలి పనికి వెళ్ళేవారూ ఈ కథ ముందు సమానంగా కూర్చోగలరు. ఒక్కొక్కసారి కూలివాడి మాటకే బరువు ఎక్కువ. తొలి పుస్తకంలో చూడవలసిన గుణం ఇదే. పది మందీ 'బాగుంది' అని తల ఊపే పుస్తకం మీద అయిదు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. తీర్పు ధర్మమేనా అని ఇద్దరు రెండు విధాలుగా అనగలిగే పుస్తకమైతే రాత్రి తొమ్మిదయినా ఎవరూ లేవరు.

స్వాగతం పలికేవారు ఒక జాగ్రత్త పడాలి. కథ ముగింపు చెప్పరాదు. ఆ ముగింపు మీద విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. దాన్ని ముందే విన్నవాడు తీర్పు సంగతి సొంతంగా ఆలోచించడు. ఇక కథలో మాటలు కళింగాంధ్ర పలుకుబడిలో ఉంటాయి. ఆ యాస ఎరుగనివారు మొదటి పేజీలలోనే తడబడి పుస్తకం మూసేసే ప్రమాదం ఉంది. అందుకని సభలోనే మొదటి రెండు పేజీలు పైకి చదివించాలి. చెవికి అలవాటైన యాస కంటికి అడ్డు రాదు. అక్షరాలు రానివారికి వారం వారం ఒక ఇంటి అరుగు మీద చదివి వినిపించే ఏర్పాటు కూడా ఆనాడే ప్రకటించాలి. విన్నవారు చదివినవారితో సమానమే.

ఇక రెండో సంగతి. తర్వాతి పుస్తకాలకు ముందు ఒక హద్దు కావాలి. ఆ హద్దు లెక్కలోనుంచి వస్తుంది. సంఘంలో పద్దెనిమిదిమంది ఉన్నారనీ, ఆరు కాపీలు సంపాదించగలరనీ అనుకుందాం. ఒక్కో కాపీ ముగ్గురి చేతులు మారాలి. నెలలో ఒక్కొక్కరికి దక్కేది పదిరోజులు. రోజుకు ఇరవై పేజీలు చదివితే రెండు వందల పేజీలవుతుంది. అంతకు మించిన పుస్తకాన్ని రెండు నెలలకు పెట్టాలి. నాట్లు, కోతలు నడిచే నెలల్లో అందులో సగం చాలు. మరొక షరతు ఏమిటంటే, పుస్తకం పేరు ప్రతిపాదించేవారు దాన్ని పూర్తిగా చదివి ఉండాలి. పేరు విని ప్రతిపాదించడం పనికిరాదు.

నెలకు నాలుగు పేర్లు వచ్చాయనుకుందాం. ఒక పౌరాణికం, ఒక డిటెక్టివ్ నవల, ఒక కథల సంపుటి, ఒక స్వీయచరిత్ర. మనిషికి ఒక్క ఓటు చొప్పున చేతులెత్తించారు. పౌరాణికానికి ఏడు, డిటెక్టివ్‌కు అయిదు, కథలకు నాలుగు, స్వీయచరిత్రకు రెండు వచ్చాయి. పౌరాణికం గెలిచింది. గెలిచిందే గాని పద్దెనిమిదిమందిలో పదకొండుమంది వేరే పుస్తకం కోరినవారే. వారిలో ఎందరు ఇష్టంగా చదువుతారో ఎవరికీ తెలియదు. ఆ ఏడుగురూ ఒకే వరుస ఇళ్ళవారైతే ప్రతినెలా ఇదే జరుగుతుంది.

ప్రశ్న మార్చి అడిగితే ఫలితం మారుతుంది. 'మీకు ఏది కావాలి' అని అడగకుండా 'వీటిలో ఏవేవి చదవడానికి మీరు సిద్ధం' అని అడగాలి. ఎన్నింటికైనా సరే అనవచ్చు. ఇప్పుడు పౌరాణికానికి ఎనిమిది, డిటెక్టివ్‌కు తొమ్మిది, కథలకు పదమూడు, స్వీయచరిత్రకు పదకొండు వచ్చాయనుకుందాం. మొదటి లెక్కలో మూడో స్థానంలో ఉన్న కథలు గెలిచాయి. పదమూడుమంది మనస్ఫూర్తిగా చదివే పుస్తకం అది. పుస్తక సంఘానికి కావలసింది గెలుపు కాదు, చదివి వచ్చేవారి సంఖ్య. ఓడిన మూడు పేర్లనూ పారేయకుండా వచ్చే నెల జాబితాలో ఉంచాలి.

అయితే నలుగురిలో చేతులెత్తించడం మంచిది కాదు. పెద్దరైతు ఒక పుస్తకం చెప్పాక అతని పొలంలో పనిచేసేవాడు మరో పుస్తకానికి చెయ్యెత్తడు. మామగారు కూర్చున్నచోట కోడలు ఎత్తదు. చీటీలు రాయలేనివారు కూడా ఉంటారు. దీనికి చింతగింజలు చాలు. తెర వెనుక నాలుగు ముంతలు పెట్టి ఒక్కొక్క ముంత మీద ఒక్కొక్క పుస్తకం ఉంచాలి. పక్కన అయిదో ముంత ఖాళీగా పెట్టాలి. మనిషికి నాలుగు గింజలు ఇవ్వాలి. చదవడానికి సిద్ధమైన పుస్తకం ముంతలో ఒక్కొక్క గింజ వేసి, మిగిలినవి అయిదో ముంతలో వేయాలి. అందరూ వట్టి చేతులతోనే బయటికి వస్తారు గనుక ఎవరు దేనికి వేశారో తెలియదు. పద్దెనిమిదిమందికి మొత్తం డెబ్బై రెండు గింజలు. పై లెక్క ప్రకారం పుస్తకాల ముంతల్లో నలభై ఒకటి, అయిదో ముంతలో ముప్పై ఒకటి ఉండాలి. మొత్తం డెబ్బై రెండు దాటితే ఎవరో బయటి గింజలు తెచ్చారన్నమాట, మళ్ళీ వేయించాలి.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని పుస్తకాలే ఎప్పుడూ గెలుస్తాయి. ఇద్దరికే ప్రాణమైన పుస్తకం ఎన్నడూ రాదు. కొందరు కుర్రవాళ్ళు ప్రతిసారీ పేరు చెప్పి ప్రతిసారీ ఓడి చివరికి నోరు మూసుకుంటారు. ఆర్నెల్ల జాబితా తిరగేసి చూస్తే, ప్రతిపాదించినవారి పేర్లలో అవే ముగ్గురి పేర్లు కనిపిస్తే ఆ జబ్బు పట్టినట్టే. దానికి మందు చీటీ తీయడం. ప్రతి నాలుగో నెలా ఓటు లేకుండా, అప్పటివరకు తమ పుస్తకం నెగ్గనివారి పేర్లు చీటీలు వేసి ఒకటి తీయాలి. ఆ నెల ఆ మనిషి చెప్పిందే పుస్తకం. పేజీల హద్దు తప్ప మరో షరతు ఉండరాదు. ఏడాదికి మూడు పుస్తకాలు ఇలా వస్తాయి. అందులో ఒకటి ఎవరికీ నచ్చకపోవచ్చు. ఒక నెల పోతే పోయేది ఒక నెలే, మనిషి పోతే తిరిగి రాడు.

ఇదంతా సభలో గంటసేపు చెప్పవలసిన పని లేదు. స్వాగతం పలికేవారు లేచి ఇలా అంటే చాలు: 'పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నమస్కారం. ఈ నెల పుస్తకం యజ్ఞం. ఇది నేను ఎంచాను, పొరపాటైతే అది నాదే. కథలో ఒక తీర్పు ఉంది, మీరు ఆ పంచాయితీలో కూర్చుంటే ఏమని చెబుదురో ఆలోచించి రండి. పూర్తిచేయలేకపోయినా రండి. వచ్చే నెల పుస్తకం ఆ ముంతలు చెబుతాయి, నాలుగో నెల చీటీ చెబుతుంది. నా చేతిలోనూ ఇకమీదట నాలుగు గింజలే.' ఆ తర్వాత ఆయన కూర్చుని, మొదటి రెండు పేజీలు చదవడానికి పుస్తకాన్ని మరొకరి చేతికి ఇవ్వాలి.