రాత్రి 2:10కి బయల్దేరే లారీ

దసరాకి ఇంటికొచ్చి, పండగ అయిపోయినా నాలుగు రోజులు పాలకుర్తిలోనే ఉండిపోయాను. వర్క్ ఫ్రమ్ హోమ్ కదా, ల్యాప్‌టాప్ ఉంది, ఫోన్ హాట్‌స్పాట్ ఉంది, అమ్మ చేసిన సకినాలు డబ్బా నిండా ఉన్నాయి. 2024 అక్టోబర్ 16, బుధవారం సాయంత్రం. వారానికోసారి చేసే చిన్న పని ఒకటి పెండింగ్‌లో ఉంటే కూర్చున్నా. పావుగంటలో అయిపోవాల్సింది, తెల్లారేదాకా పట్టింది.

ఆ పని ఏంటంటే ఫ్లో లాగ్స్ చూడటం. హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ వాళ్ల సర్వర్‌ని మా టీమ్ చూసుకుంటుంది. రక్త పరీక్షల రిపోర్టులు, పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే. పేర్లు చెప్పను, కొన్ని వివరాలు మార్చాను కూడా.

ఫ్లో లాగ్ అంటే కొత్తగా వినేవాళ్లకి ఊరి ఉదాహరణే చెప్తా. వడ్ల లారీ వేబ్రిడ్జి ఎక్కితే ఒక కాంటా చిట్టీ వస్తుంది. లారీ నంబర్, బరువు, టైమ్ దాని మీద ఉంటాయి. బస్తాల్లో సన్నాలున్నాయా దొడ్డువున్నాయా చిట్టీ చెప్పదు. ఫ్లో లాగ్ అచ్చం అంతే. ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్‌కి, ఏ టైమ్‌లో, ఎన్ని బైట్లు వెళ్లాయో రాస్తుంది. లోపల ఏముందో దానికి తెలీదు. డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా బరువు మాత్రం దాగదు, మనకు పనికొచ్చేది అదే.

నేను మొదట వేసిన క్వెరీ ఇది. మా సర్వర్ల నుంచి బయటి అడ్రస్‌లకు గత 24 గంటల్లో ఎక్కువ డేటా ఎటు వెళ్లిందో చూపిస్తుంది (తేదీ లైన్ తీసేసి పెడుతున్నా):

```sql
SELECT srcaddr, dstaddr, dstport,
       SUM(bytes) AS total
FROM vpc_flow_logs
WHERE srcaddr LIKE '10.0.%'
  AND dstaddr NOT LIKE '10.%'
  AND action = 'ACCEPT'
GROUP BY srcaddr, dstaddr, dstport
ORDER BY total DESC
LIMIT 20;
```

మొదటి రెండు వరుసలూ నాకు తెలిసినవే, మా బ్యాకప్ ఒకటి, స్కాన్ ఫైళ్లు వెళ్లే చోటు ఇంకొకటి. మూడో వరుస దగ్గర ఆగాను. 203.0.113.77 అట. 3.9 జీబీ. ఈ నంబర్ నేనెప్పుడూ చూడలేదు. (అసలు అడ్రస్ ఇది కాదు. ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన నంబర్ల నుంచి ఒకటి తీసుకున్నా, వెతక్కండి.)

ఆ సర్వర్ నుంచి రోజుకి దాదాపు 60 జీబీ బయటికి వెళ్తుంది. వేలమంది తమ రిపోర్టులు డౌన్‌లోడ్ చేసుకుంటారు కదా. అంతలో 3.9 జీబీ గ్రాఫ్‌లో ఒక చిన్న గీత, అంతే. మొత్తం ట్రాఫిక్ గ్రాఫ్ చూసి ‘అంతా నార్మలే’ అనుకునేవాళ్లకి ఇది జన్మలో దొరకదు. అడ్రస్ వారీగా విడగొడితేనే పైకి తేలుతుంది.

ఆ అడ్రస్ ఉన్న అసలు లాగ్ వరుసలు తీశాను. అందులో రెండు:

```
2 123456789012 eni-0a1b2c3d4e5f60789 10.0.2.15 203.0.113.77 48122 443 6 29000 43210000 1729024800 1729024860 ACCEPT OK
2 123456789012 eni-0a1b2c3d4e5f60789 203.0.113.77 10.0.2.15 443 48122 6 14500 754000 1729024800 1729024860 ACCEPT OK
```

చూడగానే తల తిరుగుతుంది, తెలుసు. కానీ ఇందులో నాలుగు నంబర్లు చదవడం వస్తే చాలు.

ముందు పోర్టులు. పై వరుసలో మా సర్వర్ వైపు 48122, అటు వైపు 443. పేషెంట్ ఎవరైనా రిపోర్ట్ కోసం వస్తే ఇది తిరగబడి ఉంటుంది. మా వైపు 443, వాళ్ల వైపు ఏదో పెద్ద నంబర్. అంటే ఇక్కడ అటువాళ్లు వచ్చి అడగలేదు, మా సర్వరే లేచి వెళ్లి వాళ్ల తలుపు కొట్టింది. కొత్తగా లాగ్స్ చూసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బయటికి ఎక్కువ బైట్లు కనపడగానే దొంగతనం అని కంగారుపడతారు. తీరా చూస్తే ఎవరో పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని ఉంటారు.

తర్వాత ప్యాకెట్లు, బైట్లు. 43210000ని 29000తో భాగిస్తే 1490. ఇంటర్నెట్ మీద మామూలుగా వెళ్లే ప్యాకెట్ గరిష్ఠ సైజు 1500 బైట్లు. అంటే ప్రతి ప్యాకెట్టూ గొంతుదాకా నిండి వెళ్తోంది. కింది వరుస చూడండి, 754000ని 14500తో భాగిస్తే 52. అటు నుంచి వచ్చేవన్నీ ‘అందింది, అందింది’ అనే ఖాళీ రసీదులే. నిండు లారీలు పోతున్నాయి, ఖాళీ లారీలు వస్తున్నాయి. ఇది మాట్లాడుకోవడం కాదు, సామాను తరలింపు.

ఇక టైమ్. 1729024800 అంటే 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. మార్చుకుంటే అక్టోబర్ 15 రాత్రి 8:40, యూటీసీలో. మన టైమ్‌కి ఐదున్నర గంటలు కలపాలి కాబట్టి అక్టోబర్ 16 తెల్లవారుజామున 2:10. ఈ ఐదున్నర కలపడం మర్చిపోయి, ‘రాత్రి ఎనిమిదిన్నరకి డ్యూటీలో ఎవరున్నారు’ అని తప్పు మనిషిని నిలదీసిన సంగతి నాకు తెలుసు. ఆ నిలదీసింది నేనే, రెండేళ్ల కింద.

ఇలాంటి నిమిషాలు వరుసగా తొంభై ఉన్నాయి. నిమిషానికి 43 ఎంబీ చొప్పున 3.9 జీబీ అలా వచ్చిందన్నమాట. వెనక్కి నెల రోజులు తిప్పాను. అక్టోబర్ 11కి ముందు ఆ అడ్రస్ పేరే లేదు. 11 నుంచి ఆరు రాత్రులు, రోజూ 2:10కే. సద్దుల బతుకమ్మ ఆడి మేమంతా పడుకున్న రాత్రి మొదలైంది.

మా టీమ్‌లో తమ్ముడికి ఫోన్ కొట్టా. “అన్నా, బ్యాకప్ ఏమో?” అన్నాడు. కావచ్చు. అడ్రస్ ఎవరిదో చూస్తే ఒక పెద్ద హోస్టింగ్ కంపెనీది అని వచ్చింది. దాంతో ఏమీ తేలదు, నెలకి కొన్ని వందలు కడితే ఎవరికైనా వాళ్ల దగ్గర మెషీన్ ఇస్తారు. ల్యాబ్ వాళ్లని అడిగాం, మాకు తెలీదన్నారు.

ఇక్కడ చాలామంది సర్వర్ ఆపేస్తారు. ఆపితే మెమరీలో ఉన్న ఆధారం పోతుంది. మేం డిస్క్ కాపీ ఒకటి తీసిపెట్టుకుని, ఆ ఒక్క అడ్రస్‌కి వెళ్లకుండా నెట్‌వర్క్ ఏసీఎల్‌లో అడ్డం పెట్టాం. సెక్యూరిటీ గ్రూప్‌లో రూల్ తీసేస్తే సరిపోదా అని అడగొచ్చు. అప్పటికే నడుస్తున్న కనెక్షన్ ఆ రూల్ తీసేసినా తెగకపోవచ్చు, ఏసీఎల్ అయితే వెంటనే తెంపుతుంది. క్రాన్‌లో వెతికాం, ఏమీ దొరకలేదు. అంటే పంపే ప్రోగ్రామ్ లోపల ఎక్కడో దాక్కునే ఉంది, రాత్రి 2:10 దాకా ఆగాల్సిందే.

ఆగేటప్పుడు నాకు పదేపదే గుర్తొచ్చింది 2017 నాటి ఈక్విఫాక్స్ కథ. అమెరికాలో అప్పుల లెక్కలు చూసే సంస్థ అది. ట్రాఫిక్‌ని విప్పి చూసే పరికరం ఉంది వాళ్ల దగ్గర. కానీ దాని సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలల తరబడి గుడ్డిగా పడి ఉంది. దొంగలు రెండు నెలలకు పైగా లోపల తిరిగారు. జూలై 29న కొత్త సర్టిఫికెట్ పెట్టగానే తెలియని అడ్రస్‌తో నడుస్తున్న ట్రాఫిక్ బయటపడింది. అప్పటికే 14 కోట్ల మందికి పైగా వివరాలు పోయాయి. అయితే వాళ్లు డేటాని చిన్న చిన్న ముక్కలుగా, మామూలు వెబ్ ట్రాఫిక్‌లో కలిసిపోయేలా పంపారు. అలాంటిది నేను వేసిన ‘ఎక్కువ బైట్లు’ క్వెరీకి సులువుగా చిక్కదు. మావాడు అంత ఓపికమంతుడు కాదు, అది మా అదృష్టం.

2:09. హాట్‌స్పాట్‌కి ఒకే ఒక్క గీత. అమ్మ లేచి వచ్చి, “ఇంకా పండుకోలేదా బిడ్డా? ఎవలన్నా ఫోన్ చేసిండ్రా?” అంది. “లేదమ్మా, ఇంకో నిమిషంలో ఒకడు చేస్తడు” అన్నా.

ఫ్లో లాగ్ మన చేతికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, దాన్ని నమ్ముకుంటే ఆలస్యం. అందుకే సర్వర్‌లోకే వెళ్లి ఈ కమాండ్ మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చున్నాం:

```
sudo ss -tnp state syn-sent
```

తలుపు కొట్టి, జవాబు రాక నిలబడ్డ కనెక్షన్లని ఇది చూపిస్తుంది. ఏ ప్రోగ్రామ్ కొడుతోందో కూడా చెప్తుంది. మేం దారి మూసేశాం కాబట్టి అది వెంటనే లోపలికి పోలేదు. లినక్స్ అలా రెండు నిమిషాల దాకా మళ్లీ మళ్లీ కొడుతుంది. ఆ రెండు నిమిషాలే మాకు కావాల్సింది. 2:10కి `curl` అని ఒక లైన్ వచ్చింది, పక్కనే ప్రాసెస్ నంబర్. ఆ నంబర్‌తో `systemctl status` కొడితే గుట్టు బయటపడింది. క్రాన్ కాదు, సిస్టమ్‌డీ టైమర్. పేరు కూడా ఏదో లాగ్స్ శుభ్రం చేసేదానిలా పెట్టారు. రోజూ డేటాబేస్ మొత్తం కాపీ తీసి, కుదించి, పంపేది.

కాసేపటికి ఫ్లో లాగ్ కూడా అదే చెప్పింది:

```
2 123456789012 eni-0a1b2c3d4e5f60789 10.0.2.15 203.0.113.77 51840 443 6 6 360 1729111200 1729111260 REJECT OK
```

ఆరు ప్యాకెట్లు, 360 బైట్లు. ఒక్కోటి 60, అంటే ఉత్త తలుపు చప్పుడే.

టైమర్ ఫైల్ పుట్టింది అక్టోబర్ 10 సాయంత్రం. ఆ టైమ్‌కి లాగిన్ అయిన కీ, సెప్టెంబర్‌లోనే కాంట్రాక్ట్ అయిపోయి వెళ్లిపోయిన ఒకతనిది. వెళ్లేటప్పుడు అతని కీ తీసేయాల్సింది మా టీమే. తీయలేదు. ఆ లిస్టులో టిక్ పెట్టాల్సిన గడి నాది.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటిది మన దృష్టికి వచ్చిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్స్ 180 రోజులు దాచాలి. ల్యాబ్ వాళ్లని నిద్ర లేపి, మూడున్నరకి ఆ మెయిల్ వాళ్లతో పంపించాం. పొద్దున వాళ్ల మేనేజర్ అతనికి ఫోన్ చేస్తే, “డెమోకి నిజమైన డేటా ఉంటే బాగుంటుందని కాపీ తీసుకున్నా సార్, ఎవరికీ ఇవ్వలేదు” అన్నాడట. లాయర్లు దిగాక మెషీన్‌లో కాపీలు తుడిచేశానని రాసిచ్చాడు.

ఆరు రాత్రులు, మొత్తం 23 జీబీ. మా కాంటా దాటిన బరువు నాకు బైటుతో సహా తెలుసు. ఆ మెషీన్ దగ్గరి నుంచి అది ఇంకెటైనా వెళ్లిందా అన్నది మా చిట్టీలో ఉండదు, అక్కడి కాంటా మాది కాదు. ల్యాబ్ వాళ్లు పేషెంట్లకి ఏమని మెసేజ్ పంపాలో ఆలోచిస్తుంటే, నేను కీల లిస్ట్ తెరిచి మొదటి పేరు నుంచి చూడటం మొదలుపెట్టా. ఉద్యోగం మానేసినవాళ్లవి ఇంకో మూడు దొరికాయి.