మిత్తి వచ్చింది, నూనె డబ్బ రాలే

మా చిన్నమ్మ 2021 ఏప్రిల్‌ల రెండు బర్లను అమ్మి, ఆ లక్ష రూపాయలు బ్యాంకుల ఏడాదికి ఫిక్స్‌డ్ ఏసింది. మిత్తి 5 శాతం. ఏడాదికి లక్షా ఐదు వేలు చేతికొచ్చినయ్. "ఐదు వేలు లాభమొచ్చింది బిడ్డా" అని సంబురపడ్డది. నేను కాగితం మీద లెక్క ఏసి చూపెట్టిన.

2022 ఏప్రిల్‌ల దేశంల ధరల పెరుగుదల 7.79 శాతం. అంటే అంతకుముందు ఏడాది లక్షకు వచ్చిన సామాను ఇప్పుడు కొనాలంటే 1,07,790 రూపాయలు కావాలె. చిన్నమ్మ తాన ఉన్నయి 1,05,000. ఇంక 2,790 తక్కువ పడ్డయ్. మిత్తి శాతంల నుంచి ధరల శాతం తీసేస్తే అచ్చం ఇదే వస్తది: 5 లో 7.79 పోతే మైనస్ 2.79. (పక్కా లెక్కల తీసేసుడు కాదు, భాగించాలె. గట్ల చేస్తే మైనస్ 2.6 దగ్గర తేల్తది. రేట్లు చిన్నగున్నప్పుడు తీసేసుడు చాలు.)

అది దేశమంతటి సగటు. ఊర్లది ఒక్కటే తీస్తే ఆ నెల 8.38 శాతం. నూనెలయితే 17 శాతం దాటినయ్. తిండికే ఎక్కువ ఖర్చు పెట్టే ఇంట్ల సర్కారు చెప్పిన సగటు కన్నా దెబ్బ గట్టిగనే తాకుతది.

ఇక్కడ చానామంది చేసే తప్పొకటుంది. ఫిక్స్‌డ్ ఏసిన రోజు పేపర్ల ఉన్న ధరల శాతాన్ని తీసేస్తరు. 2021 ఏప్రిల్‌ల అది 4.2 దగ్గర ఉండె. గట్ల చూస్తే చిన్నమ్మకు ముప్పావు శాతం పైన లాభమే కనబడ్డది. కానీ అది దాటిపోయిన ఏడాది లెక్క. మన పైసలు బ్యాంకుల ఉన్న ఏడాదిల ధరలు ఎంత పెరిగినయో అది తీసెయ్యాలె. గది ముందుగాల ఎవ్వలకు తెల్వది. మిత్తి మాత్రం మొదటి రోజే రసీదు మీద రాసి పెడ్తరు. ధరలు ఎంత పెరిగినా అది కదలదు.

ఆ రెండేండ్లు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం కాడనే ఉంచింది. అప్పు తీసుకునే కంపెనీలకు, సర్కారుకు పైసలు సస్తగ దొరికినయ్. గా సస్తదనంల కొంత భారం చిన్నమ్మసొంటోళ్ల మీదనే పడ్డది. 2022 మే నెలల రేటు పెంచిన్రు. అప్పటికి ఆమె గడువు అయిపోయింది.

లెక్క చూసినంక చిన్నమ్మ కోపానికొచ్చి, "అయితే నూటికి రెండు రూపాయల మిత్తికి బయట ఇస్త" అన్నది. ఏడాదికి 24 శాతం. తీసుకున్నోడు పైసలు ఎగ్గొడితే అప్పుడు తీసెయ్యాల్సింది ధరల శాతం కాదే చిన్నమ్మా, మొత్తం అసలు అని చెప్పిన. జర సేపు ఆలోచించి, మళ్ల బర్రెనే కొంట అన్నది.