మార్కు పక్కనే కొలమానం చెప్పాలి

68 శాతం మన దగ్గర ఫస్ట్ క్లాస్. బ్రిటన్‌లో ఒక విశ్వవిద్యాలయం తన విద్యార్థికి అదే 68 వేస్తే అది సెకండ్ క్లాసులో పై మెట్టు. అక్కడ ఫస్ట్ క్లాస్ 70 దగ్గర మొదలవుతుంది. అమెరికాలోని చాలా కళాశాలల్లో 90 దాటితే ఏ, 80 దాటితే బి, 70 దాటితే సి. ఆ లెక్కన 68 అంటే డి, గట్టెక్కామన్న మాటే తప్ప గొప్పగా చెప్పుకునే మార్కు కాదు. జర్మనీలోనైతే 68 అనే అంకెకు చోటే లేదు. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాసుకు చివరి గీత, 5.0 ఫెయిలు. అంకె పెరిగేకొద్దీ చదువు తగ్గినట్టు లెక్క. హైదరాబాద్ నుంచో కాకినాడ నుంచో విదేశీ కంపెనీకి దరఖాస్తు పంపే ఇంజనీరు ముందున్న చిక్కు ఇదే. దీనికి చాలామంది ఎంచుకునే దారి, తన మార్కును తానే ఎదుటివాళ్ల కొలతలోకి మార్చి ఆ ఒక్క అంకెను రెజ్యూమెలో రాయడం. సౌకర్యంగా కనిపించే ఈ పద్ధతే అభ్యర్థికి ఎక్కువ నష్టం చేస్తుంది. అభ్యర్థి ఇవ్వవలసింది మార్చిన అంకె కాదు. తనకు వచ్చింది ఎంత, గరిష్ఠం ఎంత, పాసవడానికి కనీసం ఎంత అన్న మూడు అంకెలు. అవి ఉంటే మార్పిడి ఎవరైనా చేసుకోగలరు. లేకపోతే ఏ మార్పిడినీ ఎవరూ సరిచూడలేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ నుంచి మెకానికల్‌లో బీటెక్ చేసిన అభ్యర్థికి సీజీపీఏ 7.3 వచ్చిందనుకుందాం. దీన్ని శాతంలోకి మార్చమంటే నాలుగు రకాల జవాబులు వినిపిస్తాయి. పదితో గుణిస్తే 73. సీబీఎస్ఈ పదో తరగతి అలవాటుతో 9.5తో గుణిస్తే 69.35. ఏఐసీటీఈ పట్టికను అనుసరించి 0.75 తీసేసి పదితో గుణిస్తే 65.5. ఆ విశ్వవిద్యాలయం తన నిబంధనల్లో రాసుకున్న ప్రకారం 0.5 తీసేసి పదితో గుణిస్తే 68. నాలుగింటిలో ఈ అభ్యర్థికి వర్తించేది చివరిది ఒక్కటే. ఎందుకో తెలియాలంటే పాయింట్లు ఎలా వేస్తారో చూడాలి. ఆ పద్ధతిలో 60 నుంచి 70 లోపు మార్కులకు 7 పాయింట్లు, 70 నుంచి 80 లోపు వాటికి 8. అంటే 7 పాయింట్లు వచ్చిన సబ్జెక్టులో అసలు మార్కు 60 కావచ్చు, 69 కావచ్చు. మధ్యన 65 అనుకోవడం న్యాయం. ఏడులోంచి అర తీసి పదితో గుణిస్తే వచ్చేది ఆ 65 మాత్రమే. సీబీఎస్ఈ వారి 9.5 పుట్టుక వేరు. 91 నుంచి 100 మధ్య మార్కులు తెచ్చుకున్న పదో తరగతి పిల్లల సగటు 95 అని చూసి, దాన్ని పదితో భాగించి తీసుకున్న అంకె అది. పదో తరగతి పిల్లల మార్కుల నుంచి పుట్టిన గుణకానికి బీటెక్ మెమో మీద పని లేదు.

ఇప్పుడు ఇదే అభ్యర్థి స్టుట్‌గార్ట్‌లోని ఒక కంపెనీకి దరఖాస్తు చేస్తున్నారనుకుందాం. విదేశీ మార్కులను జర్మన్ గ్రేడులోకి మార్చడానికి అక్కడ వాడే సూత్రాన్ని మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అంటారు.

```
N = 1 + 3 × (Nmax − Nd) / (Nmax − Nmin)
```

ఇందులో Nmax గరిష్ఠం, Nmin పాసుకు కనీసం, Nd అభ్యర్థికి వచ్చింది. సూత్రం అడుగుతున్నవి నేను పైన చెప్పిన మూడు అంకెలే. శాతంతో చేస్తే గరిష్ఠం 100, పాసు 40, వచ్చింది 68, జవాబు 2.6. సీజీపీఏతో చేస్తే గరిష్ఠం 10, పాసు 5, వచ్చింది 7.3, జవాబు 2.62. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి కాబట్టి లెక్క సరిగ్గా ఉందని నమ్మవచ్చు. సాధారణంగా తప్పు జరిగేది పాసు అంకె దగ్గర. పాసు మార్కు 40 కదా, పదిలో అది 4 అవుతుంది కదా అనుకుని చాలామంది 4 వేస్తారు. అప్పుడు జవాబు 2.35 వస్తుంది. నిజానికి ఆ పద్ధతిలో 40 మార్కులు తెచ్చుకున్నవారికి ఇచ్చేది 5 పాయింట్లు. సీజీపీఏను నేరుగా పదితో గుణించి 73 అని వేసుకున్నా అదే 2.35 వస్తుంది. రెండు తప్పులూ నిజానికి ఒకటే, వెనక ఉన్న ఆ అర పాయింటును మరిచిపోవడం. జర్మనీలో దరఖాస్తుతో పాటు సర్టిఫికెట్ల ప్రతులు జతచేయడం మామూలు. రెజ్యూమెలో 2.35 చూసినవారు మెమో తీసి లెక్కవేస్తే 2.6 వస్తుంది. తేడా చిన్నదే. కానీ ఆ క్షణం నుంచి ప్రశ్న అభ్యర్థి చదువు మీద కాకుండా నిజాయితీ మీద పడుతుంది.

అమెరికా విషయంలో తప్పు తిరగబడుతుంది. అక్కడ మనవాళ్లు తమను తామే తగ్గించుకుంటారు. 7.3ను నాలుగుతో గుణించి పదితో భాగిస్తే 2.92. శాతం నుంచి త్రైరాశికం వేస్తే 2.72. చాలా కంపెనీలు కొత్త పట్టభద్రులకు 3.0ను అడ్డుగీతగా పెట్టుకుంటాయి కనుక, ఈ రెండు అంకెల్లో ఏది రాసినా దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. చదువుల మదింపు సంస్థలు మాత్రం మన మార్కులకు త్రైరాశికం వేయవు. ఒక్కో సబ్జెక్టు మార్కును ఆ విశ్వవిద్యాలయం క్లాసు విభజనతో పోల్చి అక్షర గ్రేడుగా మార్చి, క్రెడిట్లతో కలిపి సగటు తీస్తాయి. మన ఫస్ట్ క్లాస్ మార్కులు ఆ లెక్కలో పై గ్రేడుల్లోకి చేరడం పరిపాటి. త్రైరాశికం ఎందుకు పనికిరాదంటే, అది రెండు కొలతలనూ మీటరు, అడుగు లాంటివనుకుంటుంది. మార్కు అంటే ఒక అధ్యాపకుల సంఘం తన అలవాటు ప్రకారం ఇచ్చిన తీర్పు. వందకు తొంభై వేయడం ఒక దేశంలో రోజువారీ పని, మరో దేశంలో అపురూపం. బవేరియన్ సూత్రానికి ఉన్న పరిమితి కూడా ఇదే. ఆచరణలో ఎవరూ అందుకోని 100ను అది గరిష్ఠంగా తీసుకుంటుంది కాబట్టి, పొదుపుగా మార్కులు వేసే విశ్వవిద్యాలయాల వాళ్లను నిజం కంటే తక్కువగా చూపిస్తుంది.

ఈ సంగతి యూరప్ స్వయంగా అనుభవించి తెలుసుకుంది. దేశానికో కొలత ఉన్న చోట, క్రెడిట్ల బదిలీ కోసం ఒకప్పుడు ఏ నుంచి ఇ వరకు ఉమ్మడి గ్రేడులు పెట్టారు. పాసైన వారిలో మొదటి 10 శాతానికి ఏ, తరువాతి 25 శాతానికి బి, ఆపై 30 శాతానికి సి, ఇంకో 25 శాతానికి డి, చివరి 10 శాతానికి ఇ. చూడటానికి చక్కటి ఏర్పాటే అయినా నిలవలేదు. 2009 నాటి మార్గదర్శిలో దాన్ని వదిలేసి, ఎవరి గ్రేడు వారి కొలతలోనే ఉంచి, ఏ గ్రేడు ఎంత శాతం మందికి వచ్చిందో చెప్పే పట్టికను పక్కన ఇవ్వమన్నారు. పట్టాతో ఇచ్చే డిప్లొమా సప్లిమెంట్‌లో గ్రేడుల పద్ధతిని వివరించడానికి, దొరికితే ఆ పంపకపు పట్టిక ఇవ్వడానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. అంత పెద్ద వ్యవస్థే మార్పిడిని వదిలి వివరణను ఎంచుకున్నాక, ఒక్క అభ్యర్థి ఇంట్లో కూర్చుని కాలిక్యులేటర్‌తో చేసే మార్పిడికి విలువ ఎక్కడిది? మన అభ్యర్థి ఆ పట్టికను తయారు చేయలేరు. కానీ బ్రాంచిలో ర్యాంకు ధ్రువపత్రం దొరికితే, 112 మందిలో 14వ స్థానం లాంటి ఒక్క మాట ఏ దేశంలోనైనా అనువాదం లేకుండానే అర్థమవుతుంది. కాగితం లేని ర్యాంకును మాత్రం రాయకూడదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. వందల దరఖాస్తులు చూసే వ్యక్తికి మన కొలమానం చదివే తీరిక ఎక్కడిది, వాళ్లకు అలవాటైన అంకె ఇవ్వడమే మర్యాద కదా అంటారు. నిజమే, అందుకే వివరణ రెండు మూడు వరుసలు దాటకూడదు. ఈ అభ్యర్థికి అది ఇలా ఉంటుంది.

```
CGPA 7.30 / 10.00 (minimum pass 5.00), First Class
68% by the university's formula: (CGPA - 0.5) x 10
German grade approx. 2.6 (modified Bavarian formula, own calculation)
```

మార్చిన అంకెను నేను నిషేధించడం లేదు. అది అసలు అంకె తరువాత రావాలి, ఏ సూత్రంతో, ఎవరు లెక్కించారో పక్కనే ఉండాలి. మూడో వరుస జర్మనీకి పంపే దరఖాస్తులోనే ఉంటుంది. బ్రిటన్‌కు రెండు వరుసలు చాలు. మన ఫస్ట్ క్లాస్‌ను అక్కడి ఫస్ట్‌గా చదువుకునే ప్రమాదం ఉంది కాబట్టి క్లాసు పక్కన శాతం తప్పనిసరిగా ఉండాలి. అమెరికాకు పంపేటప్పుడు మూడో వరుసలో మదింపు సంస్థ నివేదికలోని అంకెను ఆ సంస్థ పేరుతో ఇవ్వాలి. నివేదిక లేకపోతే ఆ వరుసను వదిలేయాలి.

రెండో అభ్యంతరం ఆన్‌లైన్ ఫారాల గురించి. అక్కడ వివరణకు చోటుండదు, ఒక గడి, ఒక అంకె అంతే. ముందు ఆ గడి పక్కన కొలమానం ఎంచుకునే జాబితా ఉందేమో చూడాలి. ఉంటే 10 ఎంచుకుని 7.3 వేయడం సరిపోతుంది. గడి ఐచ్ఛికమైతే ఖాళీగా వదిలి, వివరాన్ని రెజ్యూమెలో ఉంచాలి. నాలుగుకు మించి తీసుకోని తప్పనిసరి గడి అయితే మదింపు నివేదికలోని అంకె వేయాలి. నివేదిక లేనప్పుడు నియామక విభాగానికి రెండు వాక్యాల మెయిల్ రాసి ఏం వేయమంటారో అడగడం మేలు, ఆ జవాబు తరువాత కాగితంగా కూడా పనికొస్తుంది. జర్మన్ ఫారంలో కొలమానం చూడకుండా 3.8 లాంటి అమెరికన్ అంకె వేస్తే అది పాసు గీతను ఆనుకున్న మార్కుగా చదువుతారని గుర్తుంచుకోవాలి. అమెరికాలో ఎంఎస్ చేసి యూరప్‌కు దరఖాస్తు చేసే మనవాళ్లు ఇక్కడే జారుతారు.

మిగతా అందరూ పదితో గుణించి పెంచుకుంటుంటే నిజం రాసినవాళ్లు వెనకబడరా అన్నది మూడో అభ్యంతరం. షార్ట్‌లిస్ట్ దశలో కొంత వెనకబడే అవకాశం ఉందని ఒప్పుకోవాలి. అయితే ఉద్యోగం ఖాయమయ్యేది షార్ట్‌లిస్ట్ దగ్గర కాదు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ముగిశాక. అక్కడ రెజ్యూమెలోని 73ను, కన్సాలిడేటెడ్ మెమోను, విశ్వవిద్యాలయ నిబంధనను పక్కపక్కన పెడతారు. అప్పుడు కుదరని అంకెకు ఇచ్చే వివరణ ఎంత నిజమైనా, సంజాయిషీలాగే వినిపిస్తుంది.

ఇందులో విశ్వవిద్యాలయాల బాధ్యత అభ్యర్థుల బాధ్యత కంటే పెద్దది. శాతంలోకి మార్చే సూత్రం నిబంధనల పుస్తకంలో ఒక మూల ఉంటే చాలదు. ట్రాన్‌స్క్రిప్ట్ వెనక పేజీలో గ్రేడుల పట్టిక, పాసు కనీసం, మార్పిడి సూత్రం, ఆ ఏడాది ఆ బ్రాంచిలో ఏ సీజీపీఏ ఎంతమందికి వచ్చిందన్న పంపకం అచ్చువేయాలి. ఈ వివరాలన్నీ పరీక్షల విభాగం కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్లు వచ్చే స్నాతకోత్సవాల లోపే ఈ ఒక్క పేజీని అన్ని విశ్వవిద్యాలయాలకూ తప్పనిసరి చేయాలి.